రెండు మార్కులకు ఐదు లైన్లు, ఐదు మార్కులకు ఇరవై

ప్రశ్న: సార్, నేను ఇంటర్ ఫస్ట్ ఇయర్ సీఈసీ, తెలుగు మీడియం. ఎకనామిక్స్ ప్రీఫైనల్‌లో టూ మార్క్స్ అన్నీ బాగా రాశాను. ఒక్కోటి పది, పన్నెండు లైన్లు వచ్చింది, రెండుకు రెండు పడ్డాయి. కానీ చివర్లో టైమ్ చాలక రెండు ఫైవ్ మార్క్స్ వదిలేశాను. రాసిన ఫైవ్ మార్క్స్‌లో కూడా ఒక్కదానికీ మూడు దాటలేదు. ఎంత రాస్తే ఎన్ని మార్కులు వేస్తారో అర్థం కావట్లేదు. పబ్లిక్‌లో కూడా ఇలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, సూర్యాపేట

జవాబు: అమ్మా, ముందు ఒక పాత ఎకనామిక్స్ ప్రశ్నపత్రం తీసి పక్కన పెట్టుకో. ఒక్కో సెక్షన్ పైన సన్నటి అక్షరాల్లో ఒక సూచన ఉంటుంది. మన పిల్లల్లో నూటికి తొంభైమంది దాన్ని చదవరు. సెక్షన్-ఎలో ఏవైనా మూడు ప్రశ్నలకు 40 లైన్లు మించకుండా, ఒక్కోదానికి 10 మార్కులు. సెక్షన్-బిలో ఏవైనా ఎనిమిదింటికి 20 లైన్లు మించకుండా, ఒక్కోదానికి 5 మార్కులు. సెక్షన్-సిలో ఏవైనా పదిహేనింటికి 5 లైన్లు మించకుండా, ఒక్కోదానికి 2 మార్కులు. ఎకనామిక్స్, సివిక్స్ రెండింటికీ మేము ఏళ్ల తరబడి దిద్దింది ఈ కొలతతోనే. నీ పేపర్ మీద వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకో, లెక్క చేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇప్పుడు ఆ అంకెల్ని కాస్త గమనించు. రెండు మార్కులకు ఐదు లైన్లంటే మార్కుకు రెండున్నర లైన్లు. ఐదు మార్కులకు ఇరవై అంటే మార్కుకు నాలుగు. అంటే ఐదు మార్కుల ప్రశ్నకు మార్కులు రెండున్నర రెట్లే, రాత మాత్రం నాలుగు రెట్లు. సెక్షన్-సిలో మార్కు తక్కువ రాతకే వస్తుంది, సెక్షన్-బిలో ఎక్కువ రాయించుకుని గానీ రాదు. నువ్వు తక్కువ రాతకు దొరికేచోట ఎక్కువ ఖర్చుపెట్టి, ఖర్చుపెట్టక తప్పనిచోటికి వచ్చేసరికి చెయ్యి ఖాళీ చేసుకున్నావు.

ఎంత ఖర్చయిందో చూద్దాం. సగటున 11 లైన్లు రాశావనుకుందాం. ఒక్కో ప్రశ్నకు ఆరు లైన్లు అదనం, పదిహేను ప్రశ్నలకు 90 లైన్లు. అవి నాలుగున్నర ఐదు మార్కుల జవాబులకు సరిపడే లైన్లు! మామూలు వేగంతో రాసేవాళ్లకు ఇరవై లైన్లకు తొమ్మిది నిమిషాలు పడుతుంది కాబట్టి, తొంభైకి నలభై నిమిషాలు. నువ్వు వదిలేసిన రెండు ప్రశ్నలకు కావలసింది పద్దెనిమిది. టైమ్ చాలకపోవడం కాదమ్మా, టైమ్ సెక్షన్-సిలో దిగబడిపోయింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఐదు లైన్లు దాటాయని నేను ఎప్పుడూ మార్కు కొయ్యలేదు, నా పక్కన కూర్చుని దిద్దినవాళ్లు కోసినట్టూ చూడలేదు. నీకు పన్నెండు లైన్లకూ రెండుకు రెండు వచ్చాయి చూడు, అందుకే నీకు తప్పు కనబడలేదు. పొడుగు రాస్తే శిక్ష ఆ ప్రశ్న దగ్గర పడదు, పేపర్ చివర పడుతుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో మాకు ఉదయం పదిహేను, మధ్యాహ్నం పదిహేను పేపర్లు ఇచ్చేవారు. రెండు మార్కుల జవాబులో మొదటి రెండు లైన్లలో నిర్వచనం, ఆ తర్వాత ఒక ఉదాహరణో సూత్రమో కనబడగానే పెన్ను రెండు వేసి ముందుకు వెళ్లిపోతుంది. ఆరో లైను నుంచి నువ్వు ఎంత అందంగా రాసినా అది చదివేవాళ్లు లేని రాతే.

ఇక ఐదు మార్కులకు మూడు ఎందుకు దాటలేదన్నది అసలు విషయం. నీ పేపర్ నేను చూడలేదు. కానీ రెండు మార్కులకు పన్నెండు లైన్లు రాసే పిల్లలు ఐదు మార్కుల దగ్గర చేసేది ఒకటే ఉంటుంది. అదే రెండు మార్కుల జవాబును ఇంకాస్త సాగదీస్తారు. నిర్వచనం రాసి, "అంటే" అని మొదలుపెట్టి దాన్నే మళ్లీ చెప్పి, "ఈ విధంగా" అని మూడోసారి చెబుతారు. పేజీ నిండుతుంది గానీ, దిద్దేవాడు పెన్ను పెట్టి లెక్కపెడితే దొరికేది రెండు పాయింట్లే. వాటికి రెండున్నర, దస్తూరి బాగుందని ఇంకో అర. అక్కడికి మూడు.

ఐదు మార్కుల జవాబులో పెరగాల్సింది పాయింట్ల సంఖ్య. ఒక్కో పాయింట్‌కు రాసే రాత పెరగదు, నిజానికి తగ్గుతుంది. ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది, అందుకే ఒకే విషయాన్ని రెండు కొలతల్లోనూ రాసి చూపిస్తాను. డిమాండ్ పాఠంలో గిఫెన్ వైపరీత్యం తీసుకుందాం.

సెక్షన్-సిలో "గిఫెన్ వైపరీత్యం అంటే ఏమిటి?" అని వచ్చింది. ఇలా రాస్తే చాలు:

"నాసిరకం నిత్యావసర వస్తువుల ధర పెరిగితే డిమాండ్ పెరగడాన్ని, ధర తగ్గితే డిమాండ్ తగ్గడాన్ని గిఫెన్ వైపరీత్యం అంటారు. ఇది డిమాండ్ సూత్రానికి మినహాయింపు. ఉదా: ఇంగ్లండ్‌లో రొట్టె ధర పెరిగినప్పుడు పేదలు మాంసం కొనడం తగ్గించి, ఆ డబ్బుతో రొట్టెనే ఎక్కువగా కొన్నారని రాబర్ట్ గిఫెన్ చెప్పాడు."

లైనుకు ఏడెనిమిది మాటలు పట్టే చేతిరాతలో ఇది ఐదు లైన్లకు అటూ ఇటూగా వస్తుంది. ఇందులో మూడు పనులు జరిగాయి: అదేమిటో చెప్పాం, అది ఏ సూత్రానికి చెందిందో చెప్పాం, ఉదాహరణ ఇచ్చాం. మొదటి వాక్యానికి ఒక మార్కు, మిగిలినదానికి ఒకటి. నేను ఇలాగే వేసేవాణ్ని. (కొన్ని గైడ్లలో రొట్టె బదులు బంగాళదుంప అని ఉంటుంది. అది రాసినా నేను మార్కు తగ్గించేవాణ్ని కాదు, నువ్వు దాని గురించి బెంగపడకు.)

మరి నీ పన్నెండు లైన్లలో ఇంకేం ఉండి ఉంటాయి? బహుశా మొదట డిమాండ్ సూత్రం మొత్తం, తర్వాత గిఫెన్ ఎవరన్నది, ఆ తర్వాత రేఖాపటం, చివర వెబ్లెన్ ప్రభావం కూడా ఒక లైను. అవన్నీ తప్పు కాదు. కానీ అడిగింది గిఫెన్ ఒక్కటే. డిమాండ్ సూత్రాన్ని "ఇది దానికి మినహాయింపు" అన్న చిన్న వాక్యంతో తాకి వదిలేయాలి. రెండు మార్కుల ప్రశ్నలో పటం అడిగితే తప్ప గీయకు. స్కేలు తీసి, గీసి, పేర్లు పెట్టేసరికి రెండు నిమిషాలు పోతాయి. ఆ ప్రశ్నకు నీకున్నదే మూడు.

ఇప్పుడు సెక్షన్-బికి వద్దాం. "డిమాండ్ సూత్రానికి గల మినహాయింపులను వివరించండి." అదే గిఫెన్ ఇక్కడ నాలుగింటిలో ఒకడు. చూడు:

"ఇతర పరిస్థితులు మారకుండా ఉన్నప్పుడు ధర తగ్గితే డిమాండ్ విస్తరిస్తుంది, ధర పెరిగితే డిమాండ్ సంకోచిస్తుంది. ధరకూ డిమాండ్‌కూ ఉన్న ఈ విలోమ సంబంధాన్నే డిమాండ్ సూత్రం అంటారు. కింది సందర్భాల్లో ఈ సూత్రం వర్తించదు.

1. గిఫెన్ వైపరీత్యం: నాసిరకం నిత్యావసరాల ధర పెరిగితే పేదలు ఖరీదైన ఆహారాన్ని తగ్గించి వాటినే ఎక్కువగా కొంటారు. ఉదా: రొట్టె.

2. వెబ్లెన్ ప్రభావం: వజ్రాల వంటి ప్రతిష్ఠ వస్తువుల ధర ఎక్కువగా ఉంటేనే ధనికులు హోదా కోసం కొంటారు. ధర తగ్గితే వాటికి ఆ హోదా ఉండదు కాబట్టి కొనుగోలు కూడా తగ్గుతుంది.

3. స్పెక్యులేషన్: ధర ఇంకా పెరుగుతుందని అనుకుంటే ఇప్పటికే పెరిగిన ధరకైనా కొంటారు. ఇంకా తగ్గుతుందని అనుకుంటే తగ్గినా కొనకుండా ఆగుతారు. ఉదా: షేర్ మార్కెట్.

4. వినియోగదారుల భ్రాంతి: ధర ఎక్కువ ఉన్న వస్తువుకు నాణ్యత కూడా ఎక్కువని భ్రమపడి దాన్నే కొంటారు. ధర తగ్గితే నాణ్యత తగ్గిందని మానేస్తారు.

ఈ సందర్భాల్లో డిమాండ్ రేఖ ఎడమ నుంచి కుడికి పైకి వాలుతుంది."

ఇది పదిహేను నుంచి ఇరవై లైన్ల మధ్య పడుతుంది. పక్కన అరచేతిలో సగం ఉండే ఒక పటం గీయి. నిలువు గీత మీద ధర, అడ్డం గీత మీద డిమాండ్ పరిమాణం, ఎడమ నుంచి కుడికి పైకి పోయే DD రేఖ, అంతే. దానికి వేరే వివరణ అక్కర్లేదు, చివరి వాక్యమే వివరణ.

గిఫెన్ సంగతి గమనించావా? రెండు మార్కులప్పుడు అతనికి ఐదు లైన్లు ఇచ్చాం. ఐదు మార్కులప్పుడు రెండు, మహా అయితే మూడు. ఇంగ్లండ్ పోయింది, మాంసం పోయింది, గిఫెన్ ఇంటిపేరుకు ముందున్న రాబర్ట్ కూడా పోయాడు. ఉదాహరణ "రొట్టె" అన్న ఒక్క మాటకు కుదించుకుపోయింది. ఎందుకంటే ఇక్కడ మార్కులు పంచుకునేవాళ్లు ఎక్కువమంది. సూత్రం చెప్పినందుకు ఒకటి, నాలుగు మినహాయింపులకు నాలుగు. గిఫెన్ గురించి పది లైన్లు రాసినా అతని వాటా ఒక్క మార్కు దాటదు. వెబ్లెన్‌ను వదిలేస్తే మాత్రం ఒక మార్కు ఖాయంగా పోతుంది.

పిల్లలు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. గిఫెన్‌ను రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టి ఉంటారు. ఐదు మార్కుల ప్రశ్నలో గిఫెన్ పేరు కనబడగానే ఆ ఐదు లైన్లూ ఉన్నవున్నట్టు దించేస్తారు. వెబ్లెన్‌కూ అంతే. అప్పటికే పది లైన్లయ్యాయి, చెయ్యి నొప్పి, గడియారం పరుగు. దాంతో స్పెక్యులేషన్‌కు ఒక లైను, భ్రాంతి పూర్తిగా మాయం. దిద్దేటప్పుడు పేజీని చూస్తేనే ఇది తెలిసిపోతుంది. మొదటి రెండు పాయింట్లు లావుగా, చివరివి సన్నగా తోకలా ఉంటాయి. నీ ప్రీఫైనల్ పేపర్ తీసి ఒకసారి చూసుకో. తోక ఉంటే జబ్బు ఇదే.

ఇంకో రకం జబ్బు ఉంది, అది తోకతో తెలియదు. పెన్సిల్ తీసుకుని నీ ఐదు మార్కుల జవాబులో ఒక్కో వాక్యాన్ని వేలితో మూసి చదువు. ఆ వాక్యం లేకపోయినా ఏ విషయమూ తగ్గలేదంటే దాన్ని కొట్టేయి. ఇరవై లైన్లలో ఆరేడు ఎగిరిపోతే నువ్వు సాగదీస్తున్నావని అర్థం. "డిమాండ్ అనేది అర్థశాస్త్రంలో చాలా ముఖ్యమైన అంశం" అని మొదలయ్యే జవాబులు నేను కొన్ని వేలు చదివి ఉంటాను. ఆ వాక్యానికి అర మార్కు కూడా వేసిన గుర్తు లేదు.

నాలుగు మినహాయింపుల్లో రెండే గుర్తొస్తే ఏం చేయాలని అడుగుతావు. ఆ రెంటినీ ఇరవై లైన్లకు లాగకు. సూత్రం సరిగ్గా రాయి, రెండు మినహాయింపులు ఉదాహరణలతో రాయి, పటం గీయి. పన్నెండు లైన్లలో ముగించి కదులు. మూడు వస్తాయి, మూడున్నర కూడా రావచ్చు. లాగినా వచ్చేది అంతే, పైగా ఇంకో నాలుగు నిమిషాలు పోతాయి. అయితే కింద రెండు లైన్ల ఖాళీ వదులు. మిగతావి తర్వాత గుర్తొస్తే అక్కడ ఇరికించవచ్చు.

టైమ్ విషయం కూడా లెక్క వేసి పెట్టుకో. మొత్తం 180 నిమిషాలు. రెండు మార్కులవి పదిహేనింటికి మూడేసి నిమిషాల చొప్పున 45. ఐదు మార్కులవి ఎనిమిదింటికి తొమ్మిదేసి చొప్పున 72. పది మార్కులవి మూడింటికి పదిహేడేసి చొప్పున 51. కలిపితే 168. మిగిలిన పన్నెండు నిమిషాలు ప్రశ్నపత్రం చదవడానికి, చివర్లో నంబర్లు సరిచూసుకోవడానికి. ఏ సెక్షన్ ముందు రాయాలన్నది నీ ఇష్టం. సెక్షన్-సి ముందు రాయాలనుకుంటే మాత్రం వాచీలో నలభై ఐదో నిమిషం రాగానే ఎన్ని మిగిలినా పెన్ను ఎత్తి సెక్షన్-బికి వెళ్లు. మిగిలినవి చివర రాసుకోవచ్చు. కాకపోతే వాటి కోసం అరపేజీ వదిలి వెళ్లు. రెండు మార్కులవి పేపరంతా చెల్లాచెదురుగా ఉంటే దిద్దేవాళ్లు ఒకటో రెండో చూడకుండా దాటిపోయే ప్రమాదం ఉంది.

ఈ లెక్క నీకు పనిచేయాలంటే ముందు నీ లైను ఎంతో నీకు తెలియాలి. పరీక్షలో రాసే వేగంతో ఒక పేజీ రాసి, ఏవైనా ఐదు లైన్లలో మాటలు లెక్కపెట్టు. ఏడెనిమిది మాటలు వస్తుంటే పైన చెప్పినవన్నీ నీకు సరిపోతాయి. పెద్ద అక్షరాలు రాస్తూ లైనుకు నాలుగైదు మాటలే పట్టిస్తుంటే, గిఫెన్ జవాబు నీకు ఏడెనిమిది లైన్లు వస్తుంది. అప్పుడు భయపడి విషయాన్ని తగ్గించకు. దిద్దేవాళ్లు లైన్లు లెక్కపెట్టరు, పాయింట్లు వెతుకుతారు. అలాంటప్పుడు నువ్వు చూసుకోవాల్సింది మూడు నిమిషాల్లో అయిందా లేదా అన్నదే.

ప్రశ్నలో క్రియను కూడా ఒక కంట చూడు. "అంటే ఏమిటి", "నిర్వచించండి" అంటే ఒకే వస్తువు, దాని ఉదాహరణ. "వివరించండి" అంటే అందులో కనీసం నాలుగు ముక్కలున్నాయని అర్థం, రాయడం మొదలుపెట్టకముందే ఆ నాలుగింటి పేర్లు మనసులో అనుకోవాలి. పేర్లు గుర్తుకు రాకపోతే ఆ ప్రశ్నను ఛాయిస్‌లో వదిలేయవచ్చేమో చూడు. నిర్వచనం బాగా వచ్చు కదా అని ఐదు మార్కుల ప్రశ్నను ఎత్తుకోవడం వల్లే చాలామంది రెండున్నర దగ్గర ఆగిపోతారు.

ఇది ఎకనామిక్స్‌కే పరిమితం కాదు. సివిక్స్‌లో "సార్వభౌమాధికారం అంటే ఏమిటి?" అని రెండు మార్కులకు వస్తే, రాజ్యానికున్న అత్యున్నత అధికారమని చెప్పి, అంతర్గత, బాహ్య సార్వభౌమాధికారాలు రెంటినీ తలా ఒక వాక్యంలో చెప్పాలి. "రాజ్యానికి ఉండాల్సిన ముఖ్య లక్షణాలను వివరించండి" అని ఐదు మార్కులకు వస్తే జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం అని నలుగురు అన్నదమ్ములు వాటాకు వస్తారు. ముందు రాజ్య నిర్వచనానికి మూడు లైన్లు పోతే ఒక్కొక్కరికి నాలుగు లైన్లు. సార్వభౌమాధికారం చివర ఉంటుంది కాబట్టి ఎప్పుడూ నష్టపోయేది అదే. దానికి నాలుగు లైన్లు మిగిలేలా జనాభా దగ్గరే చెయ్యి బిగించాలి. జనాభా ఎంత ఉండాలో ప్లేటో ఏమన్నాడు, అరిస్టాటిల్ ఏమన్నాడు అని పాఠంలో బోలెడు ఉంటుంది. ఐదు మార్కులకు అందులో ఒక్క వాక్యం తీసుకుంటే చాలు.

ఈ ఆదివారం ఒక పని చేయి. వెబ్లెన్ ప్రభావాన్ని రెండు మార్కుల ప్రశ్నగా రాయి, గడియారం పెట్టుకుని. పైన గిఫెన్‌కు చేసిన మూడు పనులూ అందులో ఉండాలి: అదేమిటి, దేనికి మినహాయింపు, ఉదాహరణ. తర్వాత పుస్తకం మూసి, డిమాండ్‌ను నిర్ణయించే అంశాలను ఐదు మార్కులకు రాయి. వస్తువు ధర, ప్రత్యామ్నాయ, పూరక వస్తువుల ధరలు, ఆదాయం, అభిరుచులు, జనాభా. ఇందులో అంశాలు ఐదున్నాయి కాబట్టి ఒక్కోదానికి మూడు లైన్లే వస్తాయి. ఆదాయం దగ్గర చెయ్యి సాగుతుంది, జాగ్రత్త. "ఆదాయ డిమాండ్" అని వేరే ప్రశ్నే ఉంది, దాని పట్టిక, పటం ఇక్కడికి తేకు. తొమ్మిదో నిమిషంలో జనాభా దగ్గరికి వచ్చావో లేదో చూసుకో. రాకపోతే ఏ అంశం దగ్గర ఆగిపోయావో ఆ మార్జిన్‌లో టిక్కు పెట్టి, మళ్లీ మొదటి నుంచి రాయి.